తోకచుక్కకి

హ్యాపీ ఫ్రెండ్‌షిప్ డే, తోకచుక్కా!

ఏటా నేను నీకు పంపేది రెండు పువ్వులూ ఒక సూర్యోదయమూ ఉన్న ఫార్వర్డ్ మెసేజే. పోయినేడాదైతే నువ్వు నాకు పంపిన బొమ్మనే తిప్పి నీకే పంపాను. "ఇది నాదే కదే" అని నవ్వే ముఖాలు నాలుగు పెట్టావు. అప్పుడే అనుకున్నాను, ఈసారి కూర్చుని రాయాలని. పొడుగ్గానే ఉంటుంది. తీరిగ్గా ఉన్నప్పుడు చదువు, ఆఫీసులో మాత్రం తెరవకు.

ఏ రోజు పంపాలో తేల్చుకోవడానికే టైం పట్టింది. ఐక్యరాజ్యసమితి 2011లో జులై 30ని అంతర్జాతీయ స్నేహ దినోత్సవంగా ప్రకటించింది. మనమేమో ఆగస్టు మొదటి ఆదివారం చేసుకుంటాం. నేను జులై 30న మొదలుపెట్టి ఆదివారానికి ముగించాను కాబట్టి రెండు లెక్కల్లోనూ పాసైనట్టే.

నీకు ఆ పేరు ఎలా వచ్చిందో గుర్తుందా? హాస్టల్లో రాత్రి కరెంటు పోతే అందరం వరండాలో చేరి కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఎవరు ఏం చెప్పినా, అందరూ నవ్వేసి లేవబోతుంటే నువ్వొక్కదానివే కూర్చుని "తర్వాతేమైంది?" అనేదానివి. చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. "కథకి తోక లేకపోతే ఎలాగే" అని నువ్వు సతాయించేదానివి. అలా తోకచుక్కవయ్యావు. హేలీ తోకచుక్క 1986లో ఒకసారి కనిపించి మళ్ళీ 2061లో గానీ రాదట. నువ్వు పది రోజులకోసారి ఫోన్ చేసి మరీ తోక అడుగుతావు.

నీలో నాకు నచ్చేవి లెక్కపెడితే చాలానే ఉన్నాయి. నీ చేతిరాత, నీ వెటకారం, ఎంత ఆలస్యమైనా హడావిడి పడకపోవడం. వాటి గురించి ఇప్పుడు రాయను, అవి నీకు అందరూ చెప్తారు. నేను చెప్పాలనుకున్నది ఆ "తర్వాతేమైంది" గురించే.

మనకి ఏదైనా కష్టమొచ్చిన రోజు అడగడానికి చాలామంది ఉంటారు. ఆ రోజు ఫోన్ మోగుతూనే ఉంటుంది. వారం దాటితే తగ్గుతుంది. నెలకి ఎవరి పనుల్లో వాళ్ళుంటారు, వాళ్ళ తప్పేం లేదు, నేనూ అంతే. నువ్వు మాత్రం సరిగ్గా అప్పుడు మొదలుపెడతావు. నా పన్ను నొప్పి గురించి నేను ఒక్కసారి చెప్పాను, అదీ వేరే విషయం మధ్యలో. మూడు వారాల తర్వాత "డాక్టర్ దగ్గరికి వెళ్ళావా, లేక ఇంకా రెండో పక్కనే నములుతున్నావా?" అన్నావు. అప్పటికి రెండో పక్కనే నములుతున్నాను. మర్నాడు వెళ్ళాను.

డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు పోయినప్పుడు ఇంట్లో వాళ్ళు కూడా నేను బాధపడతానని ఆ మాట ఎత్తడం మానేశారు. అందరూ అంత జాగ్రత్తగా ఉంటే నాకు ఇంకా సిగ్గేసేది. నువ్వు ఫోన్ చేసి "ఈసారి రివర్సులోనేనా, ఇంకో చోటా?" అని అడిగావు. రివర్సులోనే అని చెప్పి ఇద్దరం పది నిమిషాలు నవ్వాం. మూడోసారి పాసయ్యానని ముందు నీకే చెప్పాను. ఆయనకి కూడా తర్వాతే.

ఇప్పుడు గడియారం సంగతి.

నాన్న పోయాక ఆయన చేతి గడియారం నేను తెచ్చుకున్నాను. రోజూ పొద్దున కీ ఇచ్చుకునే పాత రకం. ఆయన మంచం మీద కూర్చుని, చెవి దగ్గర పెట్టుకుని వింటూ కీ తిప్పేవారు. నేను తెచ్చుకున్న నెలకే అది ఆగిపోయింది. బాగు చేయించాలి అని నీతో ఒక్క మాట అన్నాను, ఫోన్ పెట్టేసే ముందు. తర్వాత దాన్ని బీరువాలో చీరల కింద పెట్టాను. నిజం చెప్పాలంటే, ఆ అర తెరవడం కూడా మానేశాను.

ఎనిమిది నెలలు. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నేను నోరు తెరిచి ఎవరినీ ఏమీ అడగలేదు కూడా. ఒక రోజు నువ్వు మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ "అవునూ, నాన్నగారి గడియారం చూపించావా?" అన్నావు. నాకు మాట రాలేదు. నువ్వు "సరేలే, ఏడవకు" అనలేదు. "టైం అన్నిటినీ మాన్పుతుంది" లాంటి మాటలు కూడా అనలేదు. అటునుంచి కుక్కర్ విజిల్ వినిపించింది, నువ్వు లేచి స్టవ్ కట్టేసిన చప్పుడు, మళ్ళీ వచ్చి కూర్చున్న చప్పుడు. అంతే. ఎంతసేపు ఏడ్చానో తెలీదు. నేను ముక్కు తుడుచుకున్నాక "రేపు తీసుకెళ్ళు. ఎల్లుండి అడుగుతాను" అన్నావు. ఎల్లుండి అడిగావు కూడా.

నీకు అంత గుర్తుండటం చూసి నేను చాలా ఏళ్ళు ఆశ్చర్యపోయేదాన్ని. బ్లూమా జైగార్నిక్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త గురించి ఎక్కడో చదివాను. పూర్తయిన పనులకన్నా మధ్యలో ఆగిన పనులే మనకి ఎక్కువ గుర్తుంటాయని 1927లో ఆవిడ రాసింది. అదిగో, ఇది మా తోకచుక్కే అనుకున్నాను. తీరా ఆలోచిస్తే లెక్క కుదరలేదు. ఆవిడ చెప్పింది ఎవరు వదిలేసిన పని వాళ్ళకే గుర్తుండటం గురించి. నీ సొంత పనులు నీకెప్పుడు గుర్తున్నాయి? సగం అల్లిన స్వెటరు ఆరేళ్ళుగా అదే సంచిలో ఉంది. తాళంచెవి చేతిలోనే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతావు. పక్కింటావిడ పేరు నీకు ఇప్పటికీ సరిగ్గా రాదు.

పోయిన డిసెంబరులో మీ ఇంటికి వచ్చినప్పుడు అసలు విషయం బయటపడింది. నువ్వు స్నానానికి వెళ్ళావు. నాకు ఏదో నంబరు రాసుకోవడానికి కాగితం కావలసి వచ్చి, ఫ్రిజ్ మీదున్న నీ పాల లెక్కల పుస్తకం తీశాను. చివరి పేజీ తెరుచుకుంది. పెన్సిల్‌తో చిన్న చిన్న అక్షరాలు. నా పేరు, దాని కింద: పన్ను. లైసెన్సు. అత్తగారి కళ్ళు. గడియారం. కొన్నిటి పక్కన టిక్కులు. నా పేరు కింద ఇంకో ముగ్గురి పేర్లున్నాయి, వాళ్ళ సంగతులున్నాయి. వాటిని చదవలేదు, ఒట్టు. మూసి పెట్టేశాను.

మొదట కాస్త చివుక్కుమంది. ఓహో, దీనికి నేను గుర్తుండి కాదన్నమాట, రాసుకుని అడుగుతోందన్నమాట అనుకున్నాను. ఆ సాయంత్రమంతా నీతో కాస్త ముభావంగా ఉన్నాను, నువ్వు గమనించి ఉంటావు. రాత్రి పడుకున్నాక ఇంకోలా అనిపించింది. గుర్తుండటం అంటే దాని పాటికి అది ఉండేది. నువ్వు ఫోన్ పెట్టేసి, పెన్సిల్ వెతుక్కుని (నీ ఇంట్లో పెన్సిల్ దొరకడం మామూలు విషయం కాదు), "పన్ను" అని రాసిపెట్టావు. ఎన్నిసార్లు అలా లేచి ఉంటావో. నాకు నీ మీద ఇష్టం పెరిగిందే గానీ తగ్గలేదు. ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. పుస్తకం చూసినందుకు తిట్టుకో.

అన్నీ మంచే రాస్తే నువ్వే నమ్మవు కాబట్టి ఆ పెళ్ళి సంగతి కూడా రాస్తాను. ఆ ఇంటర్వ్యూ గురించి నేను నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నువ్వేమో భోజనాల దగ్గర, మా చుట్టాలందరూ వింటుండగా "ఆ ఉద్యోగం ఏమైందే?" అన్నావు. అప్పటికి వాళ్ళు నన్ను వద్దన్నారు. మా పిన్ని "ఏ ఉద్యోగం?" అంటూ తగులుకుంది. నలభై రోజులు నీతో మాట్లాడలేదు. నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావు, నేను ఎత్తలేదు. ఐదోసారి మెసేజ్ పెట్టావు. "అందరి ముందు అడగడం నాదే తప్పు. ఇంకెప్పుడూ అలా అడగను. ఫోన్లో అడుగుతాను. ఇంతకీ ఏమైంది?" కోపంగానే చదివాను, చివరి మాట దగ్గర నవ్వొచ్చేసింది. సంజాయిషీలు నాలుగు పేజీలు రాసేవాళ్ళని చూశాను. తప్పు ఏమిటో ఒక్క ముక్కలో పట్టుకుని, మళ్ళీ అలా చేయనిదాన్ని నిన్నే చూశాను. ఆ తర్వాత నలుగురిలో ఉన్నప్పుడు ఏదైనా అడగాలంటే నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేస్తావు. నేను తల అడ్డంగా ఊపితే ఆగిపోతావు.

ఇంకొకటి. నేను ఏదైనా చెప్తుంటే "నాకూ ఇలాగే అయింది" అని నీ కథలోకి వెళ్ళిపోవు. ఇది ఎంత కష్టమో నాకు తెలుసు, ఎందుకంటే నేను రోజూ అదే చేస్తాను. అవతలివాళ్ళు నడుం నొప్పి అనగానే నా నడుం గుర్తొస్తుంది. నిన్ను చూసి ఈ మధ్య నాలుక కరుచుకోవడం నేర్చుకుంటున్నాను. మా పెద్దది స్కూలు నుంచి వచ్చి ఏదో చెప్తుంటే, సలహా ఇవ్వబోయి ఆగి, "తర్వాతేమైంది?" అన్నాను. అది ముప్పావు గంట మాట్లాడింది. ఇదివరకు రెండు ముక్కలు చెప్పి గదిలోకి వెళ్ళిపోయేది. ఆ ముప్పావు గంట నీ ఖాతాలో వేసుకో.

సరే, నీ పుస్తకంలో టిక్కు పడనివి ఉన్నాయి కదా, అవి ఇప్పుడే తీర్చేస్తాను.

అత్తగారికి రెండో కంటికి కూడా శుక్లం ఆపరేషన్ అయింది. ఇప్పుడు గోడ మీద మరకలన్నీ కనిపిస్తున్నాయట, రోజుకొకటి చూపిస్తున్నారు. ఉద్యోగం విషయంలో ఇంకో చోటికి అప్లై చేశాను, కబురు రాలేదు. రాగానే ఫోన్లో చెప్తాను, భోజనాల దగ్గర కాదు. గడియారం నడుస్తోంది. లోపల నూనె ఎండిపోయింది, అంతకుమించి ఏం లేదు, విప్పి శుభ్రం చేసి నూనె వేశాడు. రోజుకి ఐదు నిమిషాలు వెనక్కి పోతోంది. ఇంకోసారి తీసుకెళ్ళి సరిచేయించమని ఆయన అంటున్నారు, నాకు మాత్రం చేయించాలని లేదు. పొద్దున్నే కీ ఇచ్చేటప్పుడు ఆ ఐదు నిమిషాలూ నేనే కలుపుతున్నాను. చెవి దగ్గర పెట్టుకుంటున్నాను కూడా.

ఇక నా వంతు. నిన్న ఒక పాత డైరీ తీసి చివరి పేజీలో నీ పేరు రాశాను. కింద రాయడానికి చూస్తే ఒక్కటే దొరికింది, అదీ నువ్వు ఏప్రిల్‌లో ఎప్పుడో నోరు జారి అన్నది. పద్దెనిమిదేళ్ళలో నువ్వు నాకు చెప్పుకున్నవి ఎంత తక్కువో అప్పుడు తెలిసింది. అడిగే హడావిడిలో నిన్నెవరూ అడగకుండా తప్పించుకున్నావు, మహా గడుసుదానివి.

నీ కుడి భుజం నొప్పి ఏమైంది? చెయ్యి పైకి లేస్తోందా, ఇంకా జడ ఎడమ చేత్తోనే వేసుకుంటున్నావా? రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తాను. "ఏం లేదులే" అంటే ఒప్పుకోను.