నీ 7.62 జర్మనీలో 2.4 ఎందుకవుతుందంటే

శ్రావణీ,

జర్మనీ యూనివర్సిటీలకు అప్లై చేయడం కోసం నువ్వు పంపిన కన్సాలిడేటెడ్ మెమో అందింది. నిన్న రాత్రి బాబాయ్ ఫోన్ చేసి, "నాలుగేళ్లు చదివిస్తే చివరికి 2.4 అంటారేంటమ్మా, పాసేనా?" అని అడిగారు. ఆయన టెన్షన్ తగ్గాలంటే ముందు ఒక్క మాట చెప్పు: జర్మనీలో చిన్న అంకె మంచిది. 1.0 అక్కడ మన 10 లాంటిది, 4.0 బొటాబొటి పాసు. 2.4ని వాళ్లు "గూట్" అంటారు, అంటే బాగుంది అని. 1.6 నుంచి 2.5 వరకూ ఆ మాటే.

ఇక లెక్క. విదేశీ మార్కులను మార్చడానికి అక్కడ ఎక్కువగా వాడేది మాడిఫైడ్ బవేరియన్ ఫార్ములా.

```
x = 1 + 3 × (Nmax − Nd) / (Nmax − Nmin)
```

`Nd` అంటే నీకు వచ్చిన సీజీపీఏ, 7.62. `Nmax` అంటే స్కేల్‌లో రాగలిగిన గరిష్ఠం, 10. మీ బ్యాచ్ టాపర్‌కు వచ్చిన సీజీపీఏ కాదు సుమా. `Nmin` అంటే పాసవడానికి కావాల్సిన కనీసం. జేఎన్‌టీయూహెచ్ ఆర్18 రెగ్యులేషన్‌లో సీ గ్రేడుకు 5 పాయింట్లు, దాని కింద ఎఫ్, సున్నా. కాబట్టి `Nmin` 5.

```
1 + 3 × (10 − 7.62) / (10 − 5) = 1 + 7.14 / 5 = 2.428
```

మీ కన్సల్టెన్సీ వాళ్లు 2.1 అని రాసిచ్చారన్నావు కదా, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. `Nmin` దగ్గర 4 వేశారు, అప్పుడు 2.19 వస్తుంది, రెండో దశాంశం వదిలేసి 2.1 అన్నారు. 40 మార్కులకు పాసు కాబట్టి పదికి నాలుగు అనుకుని ఉంటారు. కానీ 40 మార్కులొస్తే మెమోలో పడేది 4 కాదు, 5 పాయింట్లు. మార్కుల స్కేల్ వేరు, పాయింట్ల స్కేల్ వేరు. పైన ఒకటి, కింద ఇంకొకటి పెడితే అంకె అందంగానే వస్తుంది, కానీ యూనివర్సిటీ వాళ్లు మెమో చూసి మళ్లీ లెక్కేస్తారు. అప్పుడు నువ్వే పెంచి రాశావనుకుంటారు. ఆ 2.1 కొట్టేయ్.

శాతంలోకి మార్చి చూసినా పెద్ద తేడా రాదు. మన యూనివర్సిటీ సూత్రం ప్రకారం (7.62 − 0.5) × 10 = 71.2 శాతం. గరిష్ఠం 100, కనీసం 40 పెడితే 2.44. మళ్లీ 2.4 దగ్గరే. అయినా అప్లికేషన్ ఫారంలో శాతం రాయకు. మెమో మీద ఉన్నది సీజీపీఏ, అదే రాయి.

గ్రేడు గ్రేడుకీ చూస్తే ఇలా ఉంటుంది: ఓ 1.0, ఏ ప్లస్ 1.6, ఏ 2.2, బీ ప్లస్ 2.8, బీ 3.4, సీ 4.0. నువ్వు సప్లీలో గట్టెక్కిన ఆ మ్యాథ్స్ పేపర్ సీయే. సిగ్గుపడాల్సిందేం లేదు, 4.0 అక్కడా పాసే.

"నాకు ల్యాబుల్లో అన్నీ ఓ లే కదా, సీజీపీఏ ఇంతేనా" అన్నావు. క్రెడిట్లు చూడు. 4 క్రెడిట్ల థియరీలో బీ వస్తే 4 × 6 = 24. ఒకటిన్నర క్రెడిట్ ల్యాబులో ఓ వస్తే 1.5 × 10 = 15. మొత్తం 39ని 5.5తో భాగిస్తే 7.09. మామూలుగా సగటు తీస్తే 8 అని మురిసిపోతాం, అందుకే అలా తీయకూడదు.

నువ్వు చూసిన కోర్సుకు 2.5 లేదా అంతకంటే మెరుగ్గా ఉండాలి. మన స్కేల్‌లో 7.5 దగ్గర సరిగ్గా 2.5 వస్తుంది. అంటే నువ్వు గీత దాటావు, కానీ పక్కనే ఉన్నావు. అందుకే కనీసం 2.7 అడిగేవి ఇంకో రెండు కోర్సులు కూడా పెట్టు.

క్రెడిట్లు కూడా అడుగుతారు. వాళ్లు లెక్కేసేది ఈసీటీఎస్ అనే యూరప్ క్రెడిట్లలో: ఏడాదికి 60, నాలుగేళ్లకు 240. మనవి 160. కాబట్టి ఒక్కో క్రెడిట్‌ను ఒకటిన్నరతో గుణించు, 4 క్రెడిట్ల పేపరు 6 అవుతుంది. ఇది అందాజు లెక్కే, కొన్ని చోట్ల సిలబస్ చూసి వాళ్లే తేలుస్తారు. అందుకని సిలబస్ కాపీ మీద కాలేజీలో స్టాంపు వేయించు.

ఫారంలో మూడు గళ్లుంటాయి: 10.0, 5.0, 7.62. అవి మూడూ నింపు, ఫలితం నువ్వు రాయొద్దు. గ్రేడింగ్ టేబుల్ ఉన్న మెమో వెనక పేజీ కూడా స్కాన్ చేసి జత చెయ్యి. నాకు ముందు పేజీ ఒక్కటే పంపావు.

అక్క