అమ్మకూ నాన్నకూ: మళ్ళీ రాసిన మెసేజ్

మొదట రాసినది, పంపనిది:

పుస్తకాలు కొనుక్కోవడానికి వెళ్తే ఇంత రాద్ధాంతమా? బస్సు దొరకకపోతే నేను ఏమి చేయాలి? నా ఫోను తీసి చదివే హక్కు మీకు ఎవరిచ్చారు? మీకు నా మీద ఎప్పుడూ నమ్మకం లేదు. అన్నయ్య రాత్రి పదింటికి వచ్చినా ఎవరూ అడగరు, అందరూ నా మీదే పడతారు. బాబాయి ముందు నన్ను అలా అనాల్సిన అవసరం ఏమిటి? పొద్దున లేస్తే మార్కులు, పడుకునే ముందు మార్కులు. ఫోను కావాలంటే ఉంచుకోండి. ఇక మీరు ఏమీ అడగకండి, నేను ఏమీ చెప్పను.

మళ్ళీ రాసి పంపినది:

అమ్మా, నాన్నా,

ఎదురుగా కూర్చుంటే నాకు మాట కంటే ముందు ఏడుపు వస్తుంది. అందుకని రాస్తున్నాను. నాన్న మిర్చి యార్డు నుంచి వచ్చి భోజనం చేశాక ఇద్దరూ కలిసి చదవండి. జవాబు ఈ రాత్రే చెప్పాల్సిన అవసరం లేదు.

ముందు ఆదివారం సంగతి. విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళి ఏడింటికల్లా ఇంట్లో ఉంటానన్నాను. వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది. పండక్కి ఊళ్ళకు వెళ్ళేవాళ్ళతో బస్టాండు కిక్కిరిసిపోయింది. గుంటూరు బస్సులు రెండు ఎక్కలేకపోయాం, మూడో దానిలో నిలబడి వచ్చాం. మంగళగిరి దగ్గర నా ఫోను ఆగిపోయింది. అయితే బస్టాండులో ఉన్నప్పుడే ఆలస్యమవుతుందని నాకు తెలుసు, అప్పటికి ఛార్జింగు ఉంది కూడా. తిడతారనే భయంతో ఫోను చేయలేదు. నాన్న స్కూటరు మీద రెండుసార్లు బస్టాండుకు వెళ్ళి వచ్చారనీ, అమ్మ అన్నం ముట్టలేదనీ నానమ్మ చెప్పింది. మిమ్మల్ని అంత కంగారు పెట్టినందుకు క్షమించండి. ఇకపై ఆలస్యమవుతుందని తెలిసిన నిమిషంలోనే ఫోను చేస్తాను. ఆ సమయంలో మీరు కోప్పడకుండా 'ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు' అని మాత్రం అడగండి. కోపం ఇంటికి వచ్చాక చూపించండి, వింటాను. అలాగైతే ఫోను చేయడానికి నాకు చేయి ఆడుతుంది.

నాన్నా, ఆ రాత్రి నేను స్నానానికి వెళ్ళినప్పుడు మీరు నా ఫోను తీసి మెసేజ్‌లు చదివారు. తిట్ల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. భయపడి చూశారని అర్థమవుతోంది. 'ఇంటికి చేరావా' అని అడిగింది పదో తరగతి వరకు నాతో చదివిన అబ్బాయి. మేము ఆరుగురం వెళ్ళాం, నలుగురు అమ్మాయిలం, ఇద్దరు అబ్బాయిలు. అబ్బాయిలు వస్తున్నారని చెబితే పంపరేమోనని ఆ మాట దాచాను. అతను నాకు స్నేహితుడు, అంతకు మించి ఏమీ లేదు. కానీ అదే ఫోనులో నా స్నేహితురాలు వాళ్ళ ఇంట్లో జరుగుతున్న గొడవలు రాసుకుంది. ఎవరికీ చెప్పనని తనకు మాటిచ్చాను. ఆ కష్టం తనది, నేను కూడా ఇంకొకరికి చూపించకూడనిది. మీరు అది కూడా చదివారని రేపు తన ముఖం చూసి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

అందుకే నేను అడిగేది ఇది. నా ఫోను గురించి అనుమానం వస్తే నన్ను పిలిచి అడగండి. ఎవరితో మాట్లాడుతున్నానో, ఎందుకో, మీ ముందే కూర్చుని చెబుతాను. నాకు ఏదైనా ప్రమాదం ఉందని అనిపిస్తే నేను పక్కన ఉండగా చూడండి. లాక్ నంబరు అమ్మకు తెలుసు, దాన్ని మార్చను. ఎక్కడికి వెళ్ళినా ఎవరెవరం వెళ్తున్నామో ముందే చెబుతాను, అబ్బాయిలు ఉన్నా సరే. నిజం చెప్పినందుకు మాత్రం ప్రయాణం రద్దు చేయకండి. మీకు ఇబ్బందిగా ఉంటే మాట్లాడి, వేళ తగ్గించండి, లేదా అన్నయ్యను తోడు పంపండి.

రేపటి నుంచి ఫోను బీరువాలో పెట్టాలన్నారు. కాలేజీ వాళ్ళు పరీక్షల కీలు, సమయాలు అన్నీ వాట్సాప్‌లోనే పంపుతున్నారు. దాని బదులు రాత్రి పదిన్నరకు నేనే ఫోను హాల్లో టీవీ దగ్గర ఛార్జింగుకు పెట్టి, ఉదయం చదువు అయ్యేదాకా ముట్టుకోను. పరీక్షలయ్యేదాకా ఇలా చేసి చూద్దాం.

మార్కుల గురించి కూడా చెప్పాలి. పోయిన జేఈఈ మోడల్ పరీక్షలో 300కి 118 వచ్చాయి, ఈసారి 96. ఫోను వల్ల అనుకుంటున్నారు. పేపరు మళ్ళీ దగ్గర పెట్టుకుని చూశాను. ఫిజిక్స్‌లో తెలియనివి కూడా ఊహించి పెట్టాను. ఈఏపీసెట్‌లో తప్పుకు కోత లేదు, ఇక్కడ ఒక్కో తప్పుకు ఒక మార్కు పోతుంది. ఆ అలవాటు ఇక్కడ దెబ్బ తీసింది. దాన్ని నేను సరిచేసుకోగలను. నిద్ర మాత్రం మీ సాయం లేకుండా కుదరదు. స్టడీ అవర్ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర, పడుకునేసరికి పదకొండున్నర, మళ్ళీ నాలుగున్నరకు లేపుతున్నారు. మూడో పీరియడుకు బోర్డు మీద అక్షరాలు మసకబారుతున్నాయి. రాసుకున్న నోట్సులో వాక్యాలు సగంలో ఆగిపోయి ఉంటున్నాయి. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు చేయాలి. నిద్ర లేకుండా ఆ వేగం రాదు. అమ్మా, నువ్వు కూడా నాతో పాటే లేచి పాలు కాచి ఇస్తున్నావు, నీకూ నిద్ర లేదు. పదిన్నరకు పడుకుని ఐదున్నరకు లేస్తాను. రెండు వారాలు చూసి, మార్కులు పెరగకపోతే మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం.

బాబాయి ముందు 'ఇలా తిరిగితే లాంగ్ టర్మ్‌కు కట్టే డబ్బు కూడా దండగే' అన్నారు నాన్నా. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. సీజన్‌లో తెల్లవారుజామున మిర్చి బస్తాల లెక్కలతో మొదలుపెట్టి రాత్రి దాకా మీరు నిలబడే ఉంటారు, ఆ డబ్బు ఎలా వస్తుందో నాకు తెలుసు. అందుకే అంత గట్టిగా తగిలింది. నన్ను మందలించాలంటే గదిలోకి పిలిచి మందలించండి. చుట్టాల ముందు వద్దు.

అన్నయ్యకు ఒక లెక్క, నాకు ఒక లెక్క ఎందుకని చాలా రోజులుగా అడగాలని ఉంది. బయట ఆడపిల్లకు భయం ఎక్కువని అమ్మ అంటుంది. ఆ భయం నాకు తెలియనిది కాదు, బస్సులో ఎక్కడ నిలబడాలో చూసుకునే నిలబడతాను. ఇద్దరికీ ఒకే వేళ పెట్టమని అడగను. కనీసం ఆలస్యమైతే ఫోను చేయాలనే నియమం అన్నయ్యకు కూడా పెట్టండి.

ఇంకొక్కటి. ఆదివారం సాయంత్రం రెండు గంటలు నావిగా ఉంచండి. కొన్న కథల పుస్తకాలు చదువుకుంటాను, లేదా స్నేహితురాలి ఇంటికి వెళ్తాను. ఆ రెండు గంటలు ఉంటే మిగతా వారమంతా పుస్తకం ముందు మనసు పెట్టి కూర్చోగలను.

భోగి రోజు నాన్నకు యార్డు సెలవు కదా. ఆ సాయంత్రం ఒక అరగంట నాతో కూర్చోండి. వీటిలో ఏది కుదురుతుందో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో చెప్పండి. నేను మధ్యలో లేచి గదిలోకి వెళ్ళిపోను.

మీ చిన్ని