డెంగీ దోమ ఎక్కడ పుడుతోంది? తొమ్మిదో తరగతి ప్రాజెక్టు యూనిట్

తరగతి: 9 (42 మంది, ఏడుగురేసి ఆరు జట్లు)
సబ్జెక్టులు: జీవశాస్త్రం, గణితం, తెలుగు
వ్యవధి: జులై రెండో వారం నుంచి ఐదు వారాలు

అసలు ప్రశ్న: మన ఊళ్లో డెంగీ దోమ ఎక్కడ పుడుతోంది, ఏ అలవాటు మారితే అది తగ్గుతుంది?

మురుగు కాల్వలే కారణమని పిల్లలు మొదటి రోజే తేల్చేస్తారు. కాదనకండి, ఆ మాటే బోర్డు మీద రాసిపెట్టండి. డెంగీని మోసే ఏడిస్ దోమ ఎక్కువగా ఇళ్ల దగ్గర నిలవున్న శుభ్రమైన నీళ్లలోనే పుడుతుంది: డ్రమ్ములు, కూలర్లు, పాత టైర్లు, పూలకుండీల కింది పళ్లేలు. ఈ సంగతి సర్వేలో వాళ్ల కంటికే పడాలి. ముందే చెప్పేస్తే ఇక వెతకడానికి ఏముంటుంది?

మొదటి వారం, సర్వే ఫారం. టీచరు సరే అనేదాకా ఏ జట్టూ బయటికి వెళ్లకూడదు. "మీ ఇల్లు శుభ్రంగా ఉంటుందా?" లాంటి ప్రశ్న కనిపిస్తే ఫారం వెనక్కి పంపండి. ఉండదని ఎవరంటారు? "ఈ డ్రమ్ము చివరిసారి ఎప్పుడు కడిగారు?" అంటే పనికొచ్చే జవాబు వస్తుంది.

రెండో వారం, సర్వే. జట్టుకు 15 ఇళ్లు. నీడ పడినా, నీళ్లు కదిలినా లార్వాలు అడుక్కి దిగిపోతాయి. అందుకే కాసేపు కదలకుండా ఆగి, టార్చి వేసి చూడాలి. లార్వా కనపడగానే అది ఏడిస్‌దే అనేయకుండా "లార్వా ఉంది" అని మాత్రమే రాయాలి.

మూడో వారం, లెక్కలు. 15 ఇళ్లలో 4 ఇళ్లలో లార్వాలుంటే గృహ సూచీ 26.7 శాతం. ఆ ఇళ్లలో లార్వాలున్న పాత్రలు 6 అయితే, వంద ఇళ్లకు 40 (బ్రెటో సూచీ). రెండూ ఎందుకు వేరుగా వస్తున్నాయో ప్రతి జట్టూ చెప్పగలగాలి. బోర్డు మీది మొదటి మాటను మళ్లీ చర్చకు పెట్టాల్సింది కూడా ఈ వారమే.

నాలుగో వారం, పని. పంచాయతీ కార్యదర్శికి లేఖ, లేదా తమ 15 ఇళ్లలో శుక్రవారం డ్రై డే. నీళ్లు పారబోస్తే సరిపోదు, పాత్ర గోడలు రుద్దాలి. అక్కడ అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి.

ఐదో వారం. అవే ఇళ్లలో మళ్లీ సర్వే, తర్వాత గ్రామస్థుల ముందు ప్రదర్శన.

మార్కులు (20): ఫారం, ఫీల్డు నోట్సు 5, లెక్కలు, గ్రాఫు 5, ఆధారంతో ఎంచుకున్న పరిష్కారం 6, ఒక్కొక్కరినీ విడిగా అడిగే నోటి ప్రశ్నలు 4. జట్టులో ఒకరు చేసి ఆరుగురు కూర్చుంటే ఈ చివరి నాలుగింట్లో తేలిపోతుంది. లార్వాలు తగ్గలేదని మార్కులు కోయవద్దు. వాన వల్లా, పని జరగకపోవడం వల్లా అన్నది వాదించి చెప్పిన జట్టుకు పూర్తి మార్కులివ్వండి.

జాగ్రత్తలు: తల్లిదండ్రుల సంతకం, నిండు చేతుల చొక్కా, పగటి పూటే సర్వే. బావులు, సెప్టిక్ ట్యాంకుల దగ్గరికి పోవద్దు. దోమల మందు పిల్లలు ముట్టకూడదు, అది ఆరోగ్య సిబ్బంది పని.