వర్క్‌షీట్ 3: కిర్కాఫ్ నియమాలతో తెలియని కరెంట్లు కనుక్కోవడం

మొదటి సంవత్సరం, బేసిక్ ఎలక్ట్రికల్ ట్యుటోరియల్, పర్లాకిమిడి

ఒడియా మీడియంలో చదివి వచ్చినవాళ్లూ, పాతపట్నం వైపు నుంచి రోజూ వచ్చేవాళ్లూ కలిసి కూర్చునే క్లాసు ఇది. అందుకని గుర్తులు అందరికీ ఒకటే: E బ్యాటరీ, R రెసిస్టర్, I కరెంట్. లెక్క పెన్నుతో చేయండి. బాణాలు మాత్రం పెన్సిల్‌తో గీయండి.

```
  +---R1----A----R2---+
  |         |         |
+ E1        R3      + E2
- 14V       4Ω      - 8V
  |         |         |
  +---------B---------+
  R1 = 2Ω      R2 = 4Ω
```

ముందు బాణాలు. I1, I2 రెండూ A వైపు వస్తున్నట్టు, I3 A నుంచి B కి దిగుతున్నట్టు గీయండి. దిశ తప్పేమోనని బెంగ వద్దు. తప్పయితే జవాబు మైనస్‌లో వస్తుంది, అంతే.

ఎన్ని సమీకరణాలు? బ్రాంచీలు 3, నోడ్లు 2. నోడ్ సమీకరణం ఒక్కటి చాలు, ఎందుకంటే B దగ్గర రాసినా A దగ్గర రాసిందే మళ్లీ వస్తుంది. మిగతా రెండూ లూపుల నుంచి రావాలి. నోడ్ సమీకరణం వదిలేసి ఎడమ లూపు, కుడి లూపు, బయటి పెద్ద లూపు కలిపి మూడు రాస్తే చివరికి 0 = 0 మిగులుతుంది. ఎడమదాంట్లోంచి కుడిదాన్ని తీసేస్తే వచ్చేదే ఆ పెద్ద లూపు మరి.

```
నోడ్ A:      I1 + I2 = I3
ఎడమ లూపు:   14 - 2*I1 - 4*I3 = 0
కుడి లూపు:    8 - 4*I2 - 4*I3 = 0
```

లూపు సమీకరణాల నుంచి I1 = 7 − 2·I3, I2 = 2 − I3. వీటిని నోడ్ సమీకరణంలో పెడితే 9 − 3·I3 = I3. అంటే I3 = 2.25 A, I1 = 2.5 A, I2 = −0.25 A.

మైనస్ చూసి బాణం తిప్పేసి మళ్లీ మొదలుపెట్టకండి. చాలామంది ఒక సమీకరణంలో తిప్పి రెండోదాంట్లో మర్చిపోతారు. I2 = −0.25 అనే ఉంచండి, తర్వాతి లెక్కల్లోనూ మైనస్‌తోనే వాడండి. దాని అర్థం: 14 V బ్యాటరీ 8 V బ్యాటరీలోకి కరెంట్ తోస్తోంది, రెండోది ఛార్జ్ అవుతోంది.

మీకు 2, 0.5, 2.5 వచ్చిందా? అయితే కుడి లూపును గడియారం ముల్లు దిశలో తిరిగారు. A నుంచి R2 మీదుగా వెళ్లేటప్పుడు I2 బాణానికి ఎదురు నడుస్తున్నారు కాబట్టి +4·I2 రాయాలి, అలవాటుగా −4·I2 రాసేశారు. ఈ జవాబు నోడ్ దగ్గర చక్కగా సరిపోతుంది (2 + 0.5 = 2.5), చిక్కంతా అక్కడే. కాబట్టి నోడ్‌తో సరిచూసి వదిలేయకండి, పవర్ కూడా చూడండి.

```
E1 ఇచ్చేది:   14 * 2.5   = 35 W
E2 తీసుకునేది: 8 * 0.25   = 2 W
R1: 12.5 W   R2: 0.25 W   R3: 20.25 W
2 + 12.5 + 0.25 + 20.25   = 35 W
```

ల్యాబ్‌లో. 2 Ω లో 12.5 W అంటే పావు వాట్ రెసిస్టర్ మాడి వాసన వస్తుంది. ఓమ్‌లను కిలో ఓమ్‌లుగా మార్చండి. 2 kΩ రెసిస్టర్లు ఐదు తీసుకుని, 4 kΩ కావలసిన చోట రెండేసి సిరీస్‌లో పెట్టండి. కరెంట్లు అవే అంకెలతో mA లో వస్తాయి. అమ్మీటర్ బ్రాంచిలో సిరీస్‌గా ఉండాలి. సప్లై రెండు కొసలకూ అడ్డంగా పెడితే ఫ్యూజ్ పోతుంది.

A, B ల మధ్య 9 V రావాలి. 9.33 V చూపిస్తే మీ వైరింగ్‌ను అనుమానించకండి. బ్యాటరీ బదులు వాడే మామూలు బెంచ్ సప్లై కరెంట్ ఇస్తుందే గానీ తీసుకోదు. 8 V సప్లై కొసల మధ్య 1 kΩ రెసిస్టర్ పెట్టండి. అది 8 mA లాగుతుంది, అందులో 0.25 mA మన సర్క్యూట్ నుంచి, మిగతా 7.75 mA సప్లై నుంచి వస్తాయి. ఇక సప్లైకి కరెంట్ మింగే పని ఉండదు, మీటర్ 9 V కి దిగుతుంది.

మీరు చేయాల్సినవి

1. E2 ని తలకిందులు చేయండి (+ కింద). మూడు కరెంట్లూ కనుక్కుని పవర్‌తో సరిచూడండి.

2. E2 ఎంత ఉంటే I2 సున్నా అవుతుంది? పై 9.33 తో దానికి సంబంధమేమిటో ఒక్క వాక్యంలో రాయండి.

3. కుడి బ్రాంచి మొత్తం తీసేసి, A లోకి 2 A తోసే కరెంట్ సోర్స్ పెట్టండి. దాని వోల్టేజ్ సున్నా అనుకుని లూపు రాయకండి, అది తెలియని రాశి. అందుకని ఆ లూపు జోలికి పోకుండా నోడ్, ఎడమ లూపు మాత్రమే రాయండి.

జవాబులు: (1) 4.5, −3.25, 1.25 A; మొత్తం 89 W. (2) 28/3 V. (3) I1 = 1 A, I3 = 3 A, సోర్స్ మీద 12 V.