ఇరవయ్యో తారీఖు

దినాలు అయిపోయిన మర్నాడు సుజాత, ఆమె అన్న శంకర్, కూతురు స్వప్న బోరబండ నుంచి ఆటో మాట్లాడుకుని బషీర్‌బాగ్‌లోని ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్లారు. యాదగిరి డిజైర్ ఇంటి ముందే ఉంది, నడిపేవాళ్లు లేక.

పాతిక లక్షల టర్మ్ పాలసీ. నెలకు 1,340 రూపాయలు, ఐదో తారీఖున ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. అందుకే ఇంట్లో దాని ఊసే ఎవరూ ఎత్తలేదు.

కౌంటర్ కుర్రాడు స్క్రీన్‌ను కాస్త ఎక్కువసేపే చూశాడు.

"మేడమ్, జూలై ప్రీమియం రాలేదు. నెలనెలా కట్టే పాలసీలకు పదిహేను రోజులే గ్రేస్. ఇరవైతో అయిపోయింది. సార్ పోయింది..."

"ఇరవై రెండు," అంది స్వప్న.

శంషాబాద్ పార్కింగ్‌లో సీటు వెనక్కి వాల్చి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

"ఇరవైలోపయితే ఆ నెల ప్రీమియం పట్టుకుని మిగతాది ఇచ్చేవాళ్లం."

"ఇప్పుడు కడ్తం సార్, ఫైన్‌తోటి," అన్నాడు శంకర్.

"పాలసీదారు బతికుంటేనే అది కుదురుతుంది."

"ఐదేండ్ల సంది కట్టిండు గదా. గవన్నీ?"

"టర్మ్ పాలసీలో తిరిగొచ్చేదేమీ ఉండదండీ."

తిట్టడానికి కూడా వీల్లేనంత మర్యాదగా చెప్పాడు.

ఇంటికొచ్చాక స్వప్న నాన్న ఫోన్, పాస్‌బుక్ ముందేసుకుంది. ఐదో తారీఖున కారు కిస్తీ, ప్రీమియం రెండూ బౌన్స్. రెండింటికీ బ్యాంకు విడివిడిగా చార్జీలు కోసుకుంది. ఆ తర్వాత కిస్తీవాళ్ల నుంచి వరసగా ఫోన్లు, ఒక్కరోజే నాలుగు. ప్రీమియం గురించి వచ్చినవి మెసేజ్‌లే, ట్రిప్పుల ఓటీపీల కింద పడిపోయి ఉన్నాయి. పద్దెనిమిదిన ఎక్కడో సర్దుబాటు చేసి కిస్తీ కట్టేశాడు. అప్పిచ్చినవాడు గుమ్మం దాకా వస్తాడు, పాలసీ రాదు కదా.

పంతొమ్మిదిన ఇంకో పద్దు ఉంది. స్వప్న పరీక్ష ఫీజు, 2,100. ఆమె దాన్ని పైకి చదవలేదు. పేజీ తిప్పేసింది.

"లక్డీకాపూల్ల అంబుడ్స్‌మన్ ఆఫీసున్నదంట. పైసలు తీస్కోరంట," అన్నాడు శంకర్.

"ముందు కంపెనీకి రాసియ్యాలె మామా. రాసినా తారీఖులు మారయి గదా."

సుజాత గోడకానుకుని కూర్చుంది. ఏడుపు దినాల్లోనే అయిపోయినట్టుంది.

"మే నెలల 436 కట్టయింది, ఏందిది?" స్వప్న వేలు పెట్టి చూపించింది.

శంకర్ కళ్లజోడు సర్దుకున్నాడు. "జీవన్ జ్యోతి బీమా. బ్యాంకోళ్లు అందరితోటి సంతకం పెట్టిచ్చుకున్నరు సూడు, గదే. రెండు లక్షలొస్తయి చెల్లె."

"కారు మీద ఇంకెంతున్నది?"

"మూడు లక్షల ఎనభై వేలు."

సుజాత కొంగు బిగించుకుని లేచింది.

"రేపు బ్యాంకుకు పోదాం. ఆధార్ జిరాక్స్‌లు తీపియ్యి. నామినీ నా పేరే రాసిండో, వాళ్లమ్మ పేరు రాసిండో, ముందు గది సూడుండ్రి."