ఆకుపచ్చ క్యాండిల్ చూశాక, కొనే ముందు నింపవలసిన చీటీ

తమ్ముడూ, ధర పెరిగిందని చార్టులో చూపే పట్టీయే ఆకుపచ్చ క్యాండిల్, అది చూడగానే కొనేయకుండా ఉండడానికే ఈ చీటీ. మన ఉమ్మడి ఖాతాలో ఉన్నది 2,00,000 రూపాయలు. నెలనెలా 5వ తేదీన కొనే బిట్‌కాయిన్‌కు ఈ చీటీ అక్కరలేదు. మిగతా ఏ కాయిన్ కొనాలన్నా, నువ్వైనా నేనైనా, ముందు దీన్ని చేత్తో నింపాలి. ఒక్క జవాబు ‘లేదు’ అని వచ్చినా కొనకూడదు.

☐ ఈ కాయిన్ పేరు నిన్నటికే మన జాబితాలో ఉందా?
పెరిగాక పేరు తెలిసిన కాయిన్‌ను ఫోమోతోనే, అంటే అవకాశం చేజారిపోతుందన్న భయంతోనే కొంటాం. ‘ప్రాజెక్టు బాగుంది’ అన్న మాట ఆ తరువాత పుడుతుంది.

☐ డైలీ క్యాండిల్ ముగిసిందా?
ఒక రోజు ధర కదలికను చూపే ఆ క్యాండిల్ మన గడియారంలో ఉదయం 5:30కి ముగుస్తుంది. రాత్రి పదకొండింటికి నిండుగా కనిపించిన ఆకుపచ్చ, తెల్లారేసరికి పైన పొడవాటి విక్, అంటే ధర పైకి వెళ్లి వెనక్కి దిగిందని చూపే సన్న గీత మాత్రమే మిగిల్చి ఉండవచ్చు. 5:30కి ముందు ఆర్డర్ పెట్టకూడదు. నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం.

☐ స్టాప్ ధర, అంటే నష్టానికైనా అమ్మేసి బయటపడే ధర రాశావా? దాని నుంచి పెట్టవలసిన మొత్తం లెక్కించావా?
ఒక్క కొనుగోలులో పోగొట్టుకోగలిగింది 2,000, అంటే ఖాతాలో ఒక శాతం. ఉదాహరణకు స్టాప్ 9.80 దగ్గర అనుకో. 10.50కి కొంటే నష్టం 6.67 శాతం, 30,000 పెట్టవచ్చు. అదే కాయిన్ ఎగిరి 14కు చేరాక కొంటే స్టాప్ 30 శాతం దూరం. 6,600 మించి పెట్టకూడదు. క్యాండిల్ పెద్దదయ్యేకొద్దీ మన మొత్తం తగ్గాలి. ఉత్సాహం మాత్రం సరిగ్గా తిరగబడి లెక్క వేస్తుంది. స్టాప్‌ను దగ్గరకు జరిపి మొత్తం పెంచడం కుదరదు.

☐ అమ్మగలమా?
కొనేవాళ్ల, అమ్మేవాళ్ల ఆర్డర్లు కనిపించే ఆర్డర్ బుక్‌లో కొనేవాళ్ల వైపు చూడు. కొత్త టోకెన్ అయితే ఇతరులు నిజంగా అమ్మిన లావాదేవీలు కనిపించాలి. 2021 నవంబరులో స్క్విడ్ టోకెన్ 2,800 డాలర్లు దాటింది. కొన్నవారిలో చాలామంది అమ్మలేకపోయారు, చివరికి అది సున్నా దగ్గరకు కూలింది. అక్కడ అంత ఆకుపచ్చ ఉండడానికి కారణం, ఎరుపుకు దారి మూసేయడమే.

☐ చలామణిలోకి రావలసిన టోకెన్లు ఇంకా ఎన్నో చూశావా? వచ్చే నెలలో అన్‌లాక్, అంటే ఆపి ఉంచిన టోకెన్లను మార్కెట్లోకి వదలడం లేదని చూశావా?

☐ పన్ను పోగా లాభం సరిపోతుందా?
లాభంపై 30 శాతం, దానిపై 4 శాతం సెస్. ఒక కాయిన్‌లో 20,000 వచ్చి మరొకదానిలో 20,000 పోతే చేతికి మిగిలేది సున్నా. అయినా 6,240 కట్టాలి, ఎందుకంటే నష్టాన్ని లాభంలోంచి తీసివేయనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకుపోనివ్వరు. అమ్మినప్పుడు కోసే 1 శాతం టీడీఎస్ రిటర్నులో సర్దుబాటవుతుంది కాబట్టి దాన్ని ఇక్కడ లెక్కించకు.

☐ కొనే కారణం ఒక్క వాక్యంలో రాశావా?
‘పెరుగుతోంది’, ‘అందరూ కొంటున్నారు’ చెల్లవు.

☐ రెండో సంతకం పడిందా?
నేను ఫోన్ ఎత్తకపోతే అది ‘లేదు’ కిందే లెక్క. నీ విషయంలోనూ అంతే. నింపిన చీటీలు, కొనని వాటివి కూడా, బీరువాలో నీలం ఫైలులో పెట్టు.