మామిడి పెట్టెల బాకీ సందేశాలు: దామలచెరువు మండీ ఖాతా

ఆఫీసు వాళ్లకు: ఇవి మధ్యాహ్నం 3 గంటలకు వాటంతటవే వెళ్తాయి. పొద్దున వేలంపాట హడావిడిలో మండీలో ఎవరూ ఫోను చూడరు. లెడ్జర్‌లో బాకీ మొత్తం జమ ఎక్కిన క్షణం మిగతావన్నీ రద్దవుతాయి. డబ్బు బ్యాంకులో పడినా, మనం ఎంట్రీ వెయ్యకపోతే ఆగవు. కట్టేసిన మనిషికి బాకీ సందేశం పోతే వచ్చే సీజన్‌కు పెట్టెలు ఇంకొకరి దగ్గర కొంటాడు. చెక్కు ఇస్తే అందిన రోజే ‘చెక్కు చేతిలో ఉంది’ అని పెట్టండి, సందేశాలు ఆగుతాయి. బౌన్స్ అయితే ఆగినచోటి నుంచి మళ్లీ మొదలవుతాయి.

జూన్ 24 (గడువు దాటి 3 రోజులు)

నమస్తే అన్నా. మే 22న దించిన 2,000 అట్టపెట్టెల బిల్లు 118, జీఎస్టీతో కలిపి ₹71,680. జూన్ 21కి కట్టాల్సింది. సీజన్ పనుల్లో మరిచిపోయుంటారు, వీలు చూసుకుని వేసేయండి. ఇప్పటికే వేసుంటే ఆ స్క్రీన్‌షాట్ ఒకటి పంపండి చాలు.

జులై 1 (10 రోజులు)

అన్నా, బిల్లు 118 తాలూకు ₹71,680 ఇంకా జమ కాలేదు. పెట్టెల్లో ఏదైనా తేడా ఉంటే ఇప్పుడే చెప్పండి, మనిషిని పంపి చూపిస్తాం. తేడా లేకపోతే ఏ రోజు వేస్తారో తేదీ చెప్పండి. ఆ తేదీ వరకు మళ్లీ గుర్తుచేయం.

జులై 4 (కొంత జమ ఎక్కగానే)

₹30,000 అందింది, థాంక్స్ అన్నా. మిగిలింది ₹41,680. పది రోజుల దాకా మా నుంచి సందేశం రాదు.

జులై 14 (23 రోజులు)

మండీ యజమాని గారికి, బిల్లు 118లో ₹41,680 బాకీ ఉంది. మాకు కాగితం మిల్లు అప్పు ఇవ్వదు, కూలీలకు వారం వారం కట్టాలి. ఇది తేలేవరకు అప్పు మీద పెట్టెలు పంపలేం. నగదుకైతే ఎప్పుడైనా లోడ్ చేస్తాం. జులై 26 లోపు పూర్తి చేయగలరు.

జులై 28కి సిద్ధంగా ఉన్నది

మండీ యజమాని గారికి, చివరి నోటీసు. బిల్లు 118, బాకీ ₹41,680. మాది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న తయారీ యూనిట్. ఎంఎస్ఎంఈ చట్టం, 2006 ప్రకారం ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. మన గడువు 30 రోజులు, అది జూన్ 21నే అయిపోయింది. ఆ మర్నాటి నుంచి రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీతో చెల్లించాల్సి వస్తుంది. ఆగస్టు 4 లోపు డబ్బు రాకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు వేస్తాం. అంతదాకా పోవడం మాకూ ఇష్టం లేదు. ఏదైనా అడ్డంకి ఉంటే వచ్చి మాట్లాడండి.

రద్దైంది. జులై 26 సాయంత్రం 4:20కి ₹41,680 ఎంట్రీ పడింది.

జులై 26, 4:21

అన్నా, ₹41,680 జమ అయింది. బిల్లు 118 పూర్తయింది, రసీదు దీనితోపాటే ఉంది. అప్పు ఖాతా మళ్లీ తెరిచాం.